‘ఎప్పుడు రావడం?’ అనడం అబద్ధం కాదు

ఎదురుగా వచ్చిన మనిషిని ఇదివరకు చూశామో లేదో తేలని సందర్భం అందరికీ వస్తుంది. అలాంటప్పుడు ఏం చేయాలో చెప్పే సలహా ఈమధ్య ఎక్కడ విన్నా ఒకటే. మొహమాటపడకుండా ‘సారీ అండీ, మీరెవరో గుర్తు రావడం లేదు’ అనేయాలట. అదే నిజాయితీ అట. తెలిసీ తెలియకుండా నవ్వి పలకరించడం నటన కిందకి వస్తుందట. మా ఇంట్లో చదువుకున్న పిల్లలందరిదీ ఇదే మాట. మొన్న ఒక పెళ్ళిలో మా చెల్లెలి కొడుకు నా పక్కనే నిలబడి ఎవరో పెద్దాయనతో అచ్చంగా ఇలాగే అన్నాడు. ఆయన ముఖం ఒక్కసారి చిన్నబోయింది. ‘పర్లేదు బాబూ’ అని పక్కకి వెళ్ళిపోయాడు. ‘నిజమే కదా మావయ్యా చెప్పాను’ అన్నాడు మావాడు.

నిజం కాదు. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది అదే. ఆ క్షణంలో ‘మీరెవరో తెలియదు’ అన్న మాట, వినడానికి ఎంత సూటిగా ఉన్నా, చాలాసార్లు నిజం కాదు. గతం గురించి ఏమీ అనకుండా చేసే పలకరింపే ఆ సమయానికి అసలైన నిజం. అలాంటి పలకరింపు తెలుగులో ఎప్పటినుంచో ఉంది. దాన్ని నటన అని కొట్టిపారేస్తున్నాం.

ముందు ఆ క్షణంలో బుర్రలో జరిగేదేమిటో చూద్దాం. అమెరికాలో పనిచేసిన మానసిక శాస్త్రవేత్త జార్జ్ మాండ్లర్ 1980లో ఒక ఉదాహరణ ఇచ్చాడు. రోజూ మాంసం కొట్టే దుకాణదారుడు ఒకరోజు బస్సులో కనిపిస్తాడు. ఈ ముఖం తెలుసని మనకి గట్టిగా అనిపిస్తుంది. ఎక్కడ తెలుసో, ఎలా తెలుసో మాత్రం ఎంత తన్నుకున్నా రాదు. దుకాణం లేదు, కత్తి లేదు, ముందు కట్టుకునే గుడ్డ లేదు. మాండ్లర్ చెప్పేది ఏమిటంటే గుర్తుపట్టడం అనేది ఒక్క పని కాదు, రెండు. చూసిన ముఖమే అనిపించడం ఒకటి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్నది తవ్వి తీయడం రెండోది. మొదటిది చటుక్కున జరిగిపోతుంది. రెండోదానికి సమయం కావాలి, ఆధారం కావాలి.

మనకి ఇది బస్సులో కంటే పెళ్ళిలో ఎక్కువగా జరుగుతుంది. రోజూ లుంగీలో చూసే పాలాయన ఆరోజు సిల్కు చొక్కా వేసుకుని వస్తాడు. బ్యాంకులో కౌంటరు వెనక కూర్చుని మాత్రమే కనిపించే ఆవిడ పట్టుచీర, పూలజడతో ఎదురవుతుంది. ముఖం ఒక్కటే వచ్చింది, దాని చుట్టూ ఉండే ఊరు, గది, బట్టలు రాలేదు. సగం తెలుసు, సగం తెలియదు. అలాంటప్పుడు ‘మీరెవరో తెలియదు’ అంటే తెలిసిన సగాన్ని కాదన్నట్టు. ‘మిమ్మల్ని మర్చిపోతానా!’ అంటే తెలియని సగాన్ని తెలుసన్నట్టు. రెండూ ఉన్నదానికంటే ఎక్కువ చెప్పడమే. మొదటిదాన్ని నిజాయితీ అనీ రెండోదాన్ని అబద్ధం అనీ ఎలా విడదీస్తారు?

పైగా ఆ రెండో పనికి కావలసింది కాస్త సమయం. ఒక్క నిమిషం మాట్లాడితే గొంతు, నవ్వు, ఊరిపేరు ఏదో ఒకటి ఆధారంగా అంది మనిషి మొత్తం గుర్తొస్తాడు. ‘తెలియదు’ అని మొదటి క్షణంలోనే తలుపు వేసేసినవాడికి ఆ నిమిషం దక్కదు. అర నిమిషం తర్వాత గుర్తొచ్చినా చేసేదేముంది? అప్పటికే అవతలివాడి ముఖం చిన్నబోయింది.

అసలు ముఖాలే గుర్తుపట్టలేనివాళ్ళూ ఉంటారు. ప్రోసోపాగ్నోసియా అంటారు దాన్ని. 1947లో జర్మన్ వైద్యుడు యోఆఖిం బోడమెర్ పెట్టిన పేరది. నరాల వైద్యుడు, రచయిత ఆలివర్ సాక్స్ తనకే ఆ లోపం ఉందని బాహాటంగా రాసుకున్నాడు. అలాంటి మనిషి ఎదురైన ప్రతివాడితోనూ ‘మీరెవరో తెలియదు’ అంటూ రోజంతా తిరగాలా? ఈ సలహా ఇచ్చేవాళ్ళ మనసులో ఎప్పుడో ఒకసారి మరుపొచ్చిన మనిషే ఉన్నాడు తప్ప ఇలాంటివాడు లేడు.

ఇక దీంట్లో దెబ్బ ఎవరికి తగులుతుందో చూడాలి. మనం మర్చిపోయేది ఎవరిని? కలెక్టరుగారిని మర్చిపోం. డబ్బున్న వియ్యంకుణ్ణి మర్చిపోం. మర్చిపోయేది వంటవాళ్ళ వెనక నిలబడి వడ్డించినవాణ్ణి, తాతగారి పొలం చేసిన కౌలుదారు కొడుకుని, దూరపు చుట్టరికంలో కాస్త చితికిపోయిన ఇంటివాళ్ళని. వాళ్ళు మనల్ని గుర్తుపెట్టుకున్నారు. దగ్గరకి వచ్చి నమస్కారం పెట్టడానికి వాళ్ళు లోలోపల ఎంత కూడగట్టుకున్నారో మనకి తెలియదు. వాళ్ళతో పదిమందిలో ‘మీరెవరు?’ అంటే వాళ్ళకి వినపడేది ‘నా దృష్టిలో నువ్వు లెక్కలో లేవు’ అని. మన ఉద్దేశం అది కాదు అనుకుంటే సరిపోదు. మా మేనల్లుడు ‘గుర్తు లేదు’ అన్నది ఎవరితోనో తర్వాత తెలిసింది. వాడి ఐదో ఏట ఊళ్ళో చెరువు గట్టు మీంచి జారితే పైకి లాగినాయన ఆయన. వాడికి గుర్తుండాలని నేను అనను, ఐదేళ్ళ పిల్లాడికి ఎలా గుర్తుంటుంది? కానీ ఆయనకి గుర్తుంది.

అలాగని తెలిసినట్టు నటించాలని నేను చెప్పడం లేదు. అది ఇంకా పెద్ద తప్పు. ఆ తప్పు నేనే చేశాను కాబట్టి చెప్పగలను.

కొన్నేళ్ళ క్రితం తణుకులో ఒక పెళ్ళికి వెళ్ళాను. ఫంక్షన్ హాలు గుమ్మం దగ్గర అరవై ఏళ్ళు దాటిన ఒకాయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ముఖం బాగా తెలిసిన ముఖం. పేరు రాదు, ఊరు రాదు. కంగారులో ఆప్యాయత కాస్త ఎక్కువగానే గుమ్మరించాను. ‘బాగున్నారా? ఇంట్లో అందరూ బాగున్నారా? అక్కయ్యగారు రాలేదా?’ అన్నాను. ఆయన నా చేతులు వదల్లేదు. కాసేపు అలాగే చూసి, ‘పెద్దకర్మకి నువ్వు కూడా వచ్చావు కదయ్యా’ అన్నాడు, మెల్లగా. ఎనిమిది నెలల క్రితం పోయిందావిడ. ఆ రోజు వాళ్ళింట్లో విస్తరి ముందు కూర్చుని భోంచేసి వచ్చినవాణ్ణి నేను. ఆ పెళ్ళి భోజనం నాకు గొంతు దిగలేదు.

ఆయన పేరు మర్చిపోవడం అక్కడ తప్పు కాదు. ఆయన ఇంటి సంగతులు నాకు తెలిసినట్టు మాట్లాడడం తప్పు. ఆ మూడు ప్రశ్నల్నీ విడదీసి చూస్తే విషయం తేటపడుతుంది. ‘బాగున్నారా?’ అన్నది అంత ప్రమాదం లేనిదే. అయినా అది మనకి తెలిసినవాళ్ళని అడిగే మాట, కొత్తవాళ్ళని అడిగితే ‘ఈయనకి నేను తెలుసు కాబోలు’ అనుకుంటారు. ‘ఇంట్లో అందరూ బాగున్నారా?’ అన్నప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారో తెలుసన్నట్టు అయింది. ‘అక్కయ్యగారు రాలేదా?’ అనేసరికి ఆవిడ బతికే ఉందని తేల్చి చెప్పినట్టే. ఒక్కో ప్రశ్నా ఇంకో మెట్టు లోపలికి తీసుకెళ్ళింది. ఏ మెట్టు కిందా నేల ఉందో లేదో నేను చూసుకోలేదు.

అందరూ సురక్షితం అనుకునే మాటల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. ‘చాలా రోజులైంది చూసి’ అంటే చూశాననే అర్థం. ‘మీది ఏ ఊరండీ?’ అంటే ఎప్పుడూ చూడలేదనే అర్థం. ‘పిల్లలేం చేస్తున్నారు?’ అంటే పిల్లలున్నారని, ‘పిల్లలెంతమంది?’ అంటే వాళ్ళ సంగతి బొత్తిగా తెలియదని. వరస పెట్టి పిలవడం అన్నిటికంటే ప్రమాదం. ‘బావగారూ’ అన్నామంటే చుట్టరికం ఏ వైపునుంచో తెలుసని చెప్పినట్టు. కొత్త మగవాళ్ళని ఆడవాళ్ళు ‘అన్నయ్యగారూ’ అనడం మర్యాదే గానీ, ఆయన నిజంగా బావ వరస అయితే ఆ పూటంతా ‘వరస తప్పిందే’ అన్న మాట తిరుగుతుంది.

ఇంతకంటే చిక్కు ఇంకొకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ‘నువ్వు’, ‘మీరు’ల చిక్కు. అవతలివాడు చిన్ననాటి స్నేహితుడైతే ‘ఎప్పుడొచ్చారు?’ అన్న ఒక్క మాటతో మనకి తెలియలేదని దొరికిపోతాం. వాడు ‘ఎప్పుడొచ్చావురా’ కోసం చూస్తున్నాడు. అవతలివాడు పెద్దమనిషి అయితే ‘ఎప్పుడొచ్చావు?’ అనడం అవమానం. ఇంగ్లీషులో ఒక్క ‘యూ’తో గడిచిపోతుంది. మనకి క్రియ చివరనే మనిషి, మర్యాద రెండూ అంటుకుని ఉంటాయి. నోరు తెరిస్తే ఏదో ఒకటి తేల్చాల్సిందే.

ఇక్కడే మన భాష మనల్ని ఆదుకుంటుంది. ‘ఎప్పుడు రావడం?’ అని అడగండి. ఎవరు రావడం? చెప్పక్కర్లేదు. ‘నువ్వు’ లేదు, ‘మీరు’ లేదు. ‘భోజనాలయ్యాయా?’ అనండి. అయినవి భోజనాలు, క్రియ వాటితో కలుస్తుంది తప్ప మనిషితో కాదు. ‘ప్రయాణం బాగా జరిగిందా?’ అన్నా అంతే. ‘ఎటునుంచి రావడం?’ అన్నా అంతే. ‘మీది ఏ ఊరు?’కీ ఈ చివరిదానికీ ఎంత తేడా ఉందో చూడండి. మొదటిదాన్ని కొత్తవాళ్ళనే అడుగుతాం. రెండోదాన్ని సొంత తమ్ముణ్ణి కూడా అడగొచ్చు, వాడు ఆ పూట హైదరాబాదు నుంచి వచ్చాడో అత్తారింటి నుంచి వచ్చాడో మనకి తెలియదు కాబట్టి. తెలిసినవాడికీ తెలియనివాడికీ సమానంగా సరిపడే ప్రశ్న అది. అడిగేదంతా ఈ రోజు గురించే. గతం జోలికే పోలేదు.

ఈ పని చేయడం నేను మా పెద్దమ్మ దగ్గర చూశాను. ఇంట్లో ఏ శుభకార్యమైనా గుమ్మంలో నిలబడేది ఆవిడే. ఎనభయ్యో పడిలో చూపు మందగించింది, గడప దాటి వచ్చేదాకా ఎవరో తెలిసేది కాదు. మా చిన్నన్నయ్య పెళ్ళినాటి సంగతి నాకు బాగా గుర్తుంది. గంధం గిన్నె పట్టుకుని పక్కన నేనున్నాను. ఒక నడివయసావిడ, వెనక ఇద్దరు పిల్లలు వచ్చారు. పెద్దమ్మ ముందు రెండు చేతులూ జోడించింది, తర్వాత ‘రండమ్మా రండి’ అంది. ‘ఎండన పడి రావడం. ముందు మంచినీళ్ళు’ అని నా వైపు చూసింది. నేను గ్లాసులు అందించేసరికి ‘ఎటునుంచి ప్రయాణం?’ అని అడిగింది. ‘కాకినాడ నుంచి పొద్దున్నే బయల్దేరామండీ, మావయ్యగారికి ఒంట్లో బాలేక ఆయన ఆగిపోయారు’ అందావిడ. పెద్దమ్మ ముఖం విచ్చుకుంది. కాకినాడ, మావయ్యగారికి అనారోగ్యం. రెండు ఆధారాలూ కలిశాయి. ‘మోకాళ్ళ నొప్పి తగ్గలేదా ఆయనకి?’ అని అప్పుడు అడిగింది. అప్పటిదాకా ఇంటి సంగతి ఒక్కటీ ఎత్తలేదు. తెలిశాకే ఎత్తింది.

ఆవిడ ఆ కోడలితో ఒక్క అబద్ధం ఆడలేదు. ‘గుర్తుపట్టాను’ అనలేదు. మంచినీళ్ళు ఇవ్వడం నిజం, ఎండ నిజం, ప్రయాణం గురించి తెలుసుకోవాలనుకోవడమూ నిజమే. వచ్చినావిడ ఎవరైనా, ముక్కూ ముఖం తెలియని మనిషైనా, పెద్దమ్మ అదే చేసేది. దీన్ని నటన అనేవాళ్ళు నాకు చెప్పాలి, ఇందులో ఏ వాక్యం అబద్ధమో.

అసలు పలకరింపు ఎందుకన్నది మర్చిపోవడం వల్లే ఈ అపార్థం వచ్చిందని నా నమ్మకం. మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ పసిఫిక్ దీవుల్లో ఏళ్ళ తరబడి ఉండి వచ్చాక, 1923లో రాసిన ఒక వ్యాసంలో ఈ సంగతి చెప్పాడు. మనుషులు మాట్లాడుకునేదంతా సమాచారం కోసం కాదు. కొన్ని మాటలు కేవలం దగ్గరతనం కోసం, మౌనంగా నిలబడితే వచ్చే బెరుకు పోవడం కోసం. ‘తిన్నవా?’ అని తెలంగాణ పల్లెలో అడిగేది లెక్క రాసుకోవడానికి కాదు. పలకరింపుని సాక్ష్యం చెప్పే మాటలా తూచడం మొదలుపెట్టినప్పుడే ‘నేను నిన్ను ఎరుగుదునా, ఎరగనా’ అన్నది మొట్టమొదట తేలాలనిపిస్తుంది. అది మొట్టమొదట తేలక్కర్లేదు.

కొందరు ఇంకో దారి చెబుతారు. ‘నైస్ టు మీట్ యూ’ బదులు ‘నైస్ టు సీ యూ’ అనమంటారు. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు అది మంచి ఉపాయమే, నేను కాదనను. అక్కడ ‘మీట్’ తొలి పరిచయానికి, ‘సీ’ రెండిటికీ పనికొస్తుంది, ఉపాయమంతా ఆ రెండు క్రియల తేడాలో ఉంది. దాన్ని తెలుగులోకి తెచ్చి ‘మిమ్మల్ని చూడడం సంతోషంగా ఉంది’ అంటున్నారు. మనకి ‘కలవడం’ అనే మాట మొదటిసారికీ పదోసారికీ ఒకటే కాబట్టి ఇక్కడ ఆ తేడాయే లేదు. మిగిలింది ఎవరి ఇంట్లోనూ వినపడని ఒక బిగుసుకున్న వాక్యం. అది విన్నవాడు ఈయన ఏదో దాస్తున్నాడనే అనుకుంటాడు.

ఈ పలకరింపుకీ హద్దులున్నాయి. ఇది రెండు మూడు నిమిషాల వంతెన, అంతకంటే ఎక్కువ మోయదు. ‘నన్ను గుర్తుపట్టావా?’ అని అవతలివాళ్ళు సూటిగా అడిగారంటే ఇక ఈ మాటలకి చోటు లేదు. అప్పుడు నిజం చెప్పాలి. ముఖం తెలిసి పేరు అందకపోతే అదే చెప్పాలి, ముఖమూ తెలియకపోతే అదీ చెప్పాలి. అడిగాక దాటేస్తే అదే నటన, అక్కడ నేను మా మేనల్లుడి పక్షమే. అలాగే డాక్టరుగారు మందు రాసేముందు, ఎవరైనా డబ్బు చేతికిచ్చేముందు మనిషెవరో తేల్చుకోవాలి. మొహమాటానికి అక్కడ చోటివ్వకూడదు.

ఫోనులో అయితే ఇంకా జాగ్రత్త. ‘నేనెవరో చెప్పుకోండి చూద్దాం అంకుల్’ అని మొదలుపెట్టే మోసగాళ్ళు ఉన్నారు. గొంతు పోల్చలేకపోయానే అన్న సిగ్గుతో ‘ఏరా, మన రాజువా?’ అని పెద్దవాళ్ళే పేరు అందిస్తారు. అక్కణ్ణుంచి వాడు రాజే, ఆసుపత్రి ఖర్చుకి డబ్బు కావాల్సిన రాజు. ఇలా మోసపోయినవాళ్ళు చేసింది తటస్థంగా పలకరించడం కాదు. తెలియనిదాన్ని తెలిసినట్టు ఒప్పుకోవడం. ‘చెప్పండి, ఎక్కణ్ణుంచి?’ అని అడిగినవాడు ఎవరి పేరూ అందించడు. మర్యాద తగ్గించకుండానే తలుపు గొళ్ళెం తీయకుండా ఉంచాడు. నటనకీ ఈ పలకరింపుకీ తేడా తెలియాలంటే ఇంతకంటే గట్టి ఉదాహరణ అక్కర్లేదు.

మూడో మనిషి వచ్చినప్పుడు మాత్రం కాస్త నేర్పు కావాలి. మీరు పేరు తెలియని ఒకాయనతో మాట్లాడుతుంటే మీ ఆవిడ వచ్చి పక్కన నిలబడింది. ఆయన్ని ఆవిడకి పరిచయం చేయలేరు. ఆవిడని ఆయనకి పరిచయం చేయండి. ‘మా ఆవిడండీ’ అని ఆగండి. ఎక్కువమంది బదులుగా తమ పేరూ ఊరూ తామే చెప్పుకుంటారు. చెప్పకపోతే మాత్రం ఇక లాగకండి. ‘క్షమించండి, పేరు నోటికి రావడం లేదు’ అనేయండి. అప్పటికి రెండు నిమిషాల మాట నడిచింది కాబట్టి ఆ మాట అంత గుచ్చుకోదు. అదే మాట గుమ్మంలో మొదటి మాటగా వస్తేనే గుచ్చుకుంటుంది.

తణుకులో నా చేతులు పట్టుకున్నాయన ఆ తర్వాత ఇంకో పెళ్ళిలో కనిపించాడు. ఈసారి పేరు తెలుసు, ఊరు తెలుసు. అయినా ఇంటి సంగతి నేను ఎత్తలేదు. ‘ఎప్పుడు రావడం? ప్రయాణం బాగా జరిగిందా?’ అన్నాను. ‘ఇందాకే వచ్చాను. ఆవిడ పోయాక బస్సులో కిటికీ పక్కన కూర్చోవడం అలవాటవుతోందయ్యా, ఇన్నాళ్ళూ ఆ సీటు తనదే’ అన్నాడు. తర్వాత ఆయనే చాలాసేపు ఆవిడ గురించి చెప్పాడు, భోజనాల పిలుపు వచ్చేదాకా.